పిల్లల గిటార్‌కి శ్రుతి ఎక్కడ పోతుంది: మొదటి మూడు ఫ్రెట్ల లెక్క

పిల్లలకు మొదటి వాయిద్యం కొనడానికి షాపుకు వెళ్లిన తల్లిదండ్రులు అడిగేది దాదాపు ఒకే ప్రశ్న: "ఏ కంపెనీది తీసుకుంటే ట్యూనింగ్ పోకుండా ఉంటుంది?" కీబోర్డు కొనేవాళ్లకు ఈ ప్రశ్నతో అసలు పని లేదు. గిటార్ కొనేవాళ్లకు మాత్రం ఇది ఒక ప్రశ్న కాదు, రెండు. ఆ రెండిటినీ కలిపేసి అడగడం వల్లే షాపువాడు ఏదో ఒక పేరు చెప్పడం, మనం కొనుక్కు రావడం, నెల తిరక్కుండానే పాప "నాన్నా, ఇది మా సార్ గిటార్‌లా మోగట్లేదు" అనడం జరుగుతుంటాయి.

ముందు కీబోర్డు సంగతి తేల్చేద్దాం. హార్మోనియంలో రీడ్లుంటాయి, కాబట్టి అప్పుడప్పుడు శ్రుతి చేయించాలి. ఎలక్ట్రానిక్ కీబోర్డులో కదిలేదీ సాగేదీ ఏమీ లేదు. మెమరీలో ఉన్న శబ్దాన్ని చిప్ చదివి వినిపిస్తుంది, ఆ వేగాన్ని ఒక క్వార్ట్జ్ క్రిస్టల్ నడుపుతుంది. చేతి గడియారంలో ఉండేది కూడా అలాంటిదే. అందుకే మూడు వేల కాసియో అయినా అరవై వేల యమహా అయినా ఎండాకాలంలో, వానాకాలంలో ఒకే శ్రుతిలో ఉంటాయి.

అయినా "మా కీబోర్డు శ్రుతి మారిపోయింది" అనే ఫిర్యాదు వింటూనే ఉంటాం. పది సార్లలో తొమ్మిది సార్లు అది ట్రాన్స్‌పోజ్ బటన్ పని. పిల్లవాడు ఏదో నొక్కుతాడు, తెర మీద 0 ఉండాల్సిన చోట 1 పడుతుంది, అప్పట్నుంచి సి మెట్టు నొక్కితే సి షార్ప్ మోగుతుంది. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే తేడా తెలియదు, క్లాసులో పదిమందితో కలిసినప్పుడే బయటపడుతుంది. చాలా మోడళ్లలో స్విచ్ ఆపి మళ్లీ వేస్తే సరిపోతుంది.

అదే బటన్ మన ఇళ్లలో వరం కూడా. కర్ణాటక సంగీతం నేర్చుకునే పాప ఐదున్నర శ్రుతిలో పాడుతుందనుకుందాం. అంటే ఆమె షడ్జమం జి షార్ప్. ట్రాన్స్‌పోజ్‌ని మైనస్ 4కి తెస్తే సి మెట్టు నొక్కినప్పుడు జి షార్ప్ మోగుతుంది. అప్పుడు సరళీ స్వరాలన్నీ తెల్ల మెట్లు, నల్ల మెట్ల లెక్క మారకుండా అవే వేళ్లతో వాయించుకోవచ్చు. మాయామాళవగౌళకు రి, ధ మాత్రం నల్ల మెట్ల మీద పడతాయి. గమకాలు ఈ మెట్ల మీద పలకవు, ఆ ఆశ పెట్టుకోకూడదు.

కాబట్టి కీబోర్డులో చూడాల్సింది మెట్ల సైజు, మెట్ల సంఖ్య, నొక్కుడుకు స్పందించే గుణం. కాసియో ఎస్‌ఏ సిరీస్‌లో, యమహా పీఎస్‌ఎస్-ఈ30లో మెట్లు చిన్నవి. నాలుగైదేళ్ల పిల్లలు ఆడుకోవడానికి అవి బాగుంటాయి. క్లాసుకు పంపేటట్టయితే మాత్రం మామూలు సైజు మెట్లు 61 ఉండాలి. చిన్న మెట్ల మీద అలవాటైన వేళ్లు పెద్ద మెట్ల మీదకి రాగానే దూరాలన్నీ తప్పుతాయి. కాసియో సీటీ-ఎస్200, యమహా పీఎస్‌ఆర్-ఎఫ్52 మోడళ్లలో 61 పెద్ద మెట్లున్నాయి గానీ, మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దం ఒకేలా వస్తుంది. కాసియో సీటీ-ఎస్300, యమహా పీఎస్‌ఆర్-ఈ373 లాంటివి నొక్కిన బలాన్ని బట్టి మోగుతాయి. పియానో వైపు వెళ్లే ఉద్దేశం ఏ కొంచెం ఉన్నా ఆ తేడాకి పెట్టే డబ్బు వృథా కాదు. లేకపోతే బిడ్డ వేలికి బలం, మెత్తదనం అనేవి ఉంటాయనే తెలియకుండా రెండేళ్లు గడిచిపోతాయి. కీబోర్డు గురించి ఇంతకు మించి బెంగ పడాల్సింది లేదు.

గిటార్ దగ్గరే అసలు చిక్కు. ట్యూనింగ్ నిలబడటం లేదు అనే మాట కింద రెండు వేర్వేరు జబ్బులున్నాయి. మొదటిది, పొద్దున శ్రుతి చేసిన తీగ సాయంత్రానికి దిగిపోవడం. రెండోది, ఆరు తీగలూ విడిగా మీటితే ట్యూనర్ పచ్చ లైటు చూపిస్తుంది, కానీ కార్డ్, అంటే కొన్ని తీగలు నొక్కి కలిపి మోగించే స్వరాల గుంపు, పట్టగానే అపశ్రుతి వినిపిస్తుంది. మొదటిది తీగ నిలకడకు సంబంధించింది, చాలావరకు ఇంట్లోనే కుదురుతుంది. రెండోది గిటార్ తయారీలో ఉన్న లోపం. ఎన్నిసార్లు కీలు తిప్పినా పోదు. పిల్లలు గిటార్ మూలన పెట్టేసేది ఎక్కువగా ఈ రెండోదాని వల్లే. తప్పు తమ వేళ్లదే అనుకుంటారు పాపం.

ఈ రెండో జబ్బు ఎలా పుడుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. గిటార్ మెడ, అంటే నెక్ మీద అడ్డంగా దిగగొట్టిన లోహపు కడ్డీలే ఫ్రెట్లు. తీగ ఫ్రెట్ మీద కొంత ఎత్తులో ఉంటుంది. వేలితో ఫ్రెట్ దాకా నొక్కినప్పుడు అది వంగి కాస్త సాగుతుంది. సాగితే బిగువు పెరుగుతుంది, బిగువు పెరిగితే స్వరం పైకి పోతుంది. రెండు పక్క మెట్ల మధ్య దూరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తారు. బిగువు ఒక్క శాతం పెరిగితే స్వరం సుమారు 8 నుంచి 9 సెంట్లు పైకి వెళ్తుంది. ఐదు సెంట్లలోపు తేడాను మామూలు చెవి పట్టించుకోదు, పదిహేను దాటితే పిల్లలకు కూడా తెలిసిపోతుంది. ఇంకో మెలిక ఉంది: తీగ ఎత్తు రెట్టింపైతే సాగడం రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఒక మిల్లీమీటరు ఎత్తు ఎక్కువైనా అంత తేడా రావడానికి కారణం ఇదే.

వీణ వాయించేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. వీణ మీద మెట్లు మైనంలో కూర్చోబెట్టి ఉంటాయి. స్వరస్థానం తప్పితే మేళం కట్టేవారిని పిలిచి మెట్లు జరిపిస్తారు. గిటార్ ఫ్రెట్లు చెక్కలో దిగగొట్టి ఉంటాయి, ఒకసారి తప్పు చోట పడితే అంతే. అయితే నేటి ఫ్యాక్టరీల్లో ఫ్రెట్ల కోతలు యంత్రాల మీద పడుతున్నాయి కాబట్టి, చవక గిటార్లలో కూడా దోషం ఫ్రెట్ల స్థానంలో కంటే తీగల ఎత్తులోనే ఎక్కువ దొరుకుతుంది. ఎత్తును నిర్ణయించేవి రెండు చోట్లున్నాయి. నెక్ పైభాగంలో తీగలు గాడుల్లోంచి వెళ్లే తెల్లటి పట్టీ నట్. కింద తీగల కొసలు బిగించే చెక్క ముక్క బ్రిడ్జి, దాని మీద నిలబడి ఉండే పట్టీ శాడిల్.

గిటార్ తెలిసిన మిత్రుణ్ని వెంట తీసుకెళ్తే ఆయన సాధారణంగా 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి ట్యూనర్ చూస్తాడు. మంచి పరీక్షే గానీ, పిల్లల విషయంలో అది రెండో స్థానంలో ఉండాలి. మొదటి ఆరేడు నెలలు పిల్లలు వాయించేదంతా మొదటి మూడు ఫ్రెట్ల లోపలే. సి కార్డ్ తీసుకోండి. రెండో తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, నాలుగో తీగను రెండో ఫ్రెట్ దగ్గర, ఐదో తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కుతారు. ఒకటో తీగ, మూడో తీగ ఖాళీగా మోగుతాయి. నట్ గాడులు లోతు చాలక తీగలు ఎత్తుగా ఉంటే నొక్కిన మూడూ పైకి పోతాయి, ఖాళీగా ఉన్న రెండూ ఉన్నచోటే ఉంటాయి. చెవికి పుల్లగా తగిలేది ఆ తేడానే. కాబట్టి మొదట చూడాల్సింది నట్.

దాన్ని ట్యూనర్ కూడా లేకుండా చూడొచ్చు. తీగను రెండో ఫ్రెట్‌కీ మూడో ఫ్రెట్‌కీ మధ్య నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద తీగ కింద ఎంత సందుందో చూడాలి. ఒక కాగితం దూరేంత ఉంటే భేషుగ్గా ఉన్నట్టు. తీగను పైనుంచి వేలితో తట్టినప్పుడు చిన్న "టిక్" మని ఫ్రెట్‌ను తాకాలి. ఏటీఎం కార్డు దూరేంత సందుంటే ఆ గిటార్ మీద మొదటి ఫ్రెట్ స్వరం తప్పడం ఖాయం, పైగా పిల్లల వేళ్లు బొబ్బలెక్కడం కూడా ఖాయం. సందు అసలే లేకపోతే గాడి మరీ లోతైనట్టు, అప్పుడు ఖాళీ తీగ జరజరమంటుంది.

ఇప్పుడు తీగల రకం. చవక గిటార్ల ధరలు చూసుకునేవాళ్లు ఈ అంశాన్ని దాటేస్తుంటారు గానీ, చిన్నపిల్లల విషయంలో బ్రాండ్ కంటే ఇదే ముఖ్యం. స్టీల్ తీగలు, నైలాన్ తీగలు అని రెండు రకాలు. నైలాన్ తీగలున్నదాన్ని క్లాసికల్ గిటార్ అంటారు. పెద్ద గిటార్ మీద మామూలు లైట్ స్టీల్ సెట్టు మొత్తం లాగే బలం 70 కేజీల పైమాటే, నైలాన్ సెట్టు 40 కేజీల దరిదాపుల్లో ఉంటుంది. వేళ్ల నొప్పి సంగతి దీన్నిబట్టే అర్థమవుతుంది. శ్రుతికి సంబంధించిన సంగతి ఇంకొకటుంది. స్టీల్ తీగ శ్రుతికి వచ్చేసరికి ఒక శాతం కన్నా తక్కువే సాగి ఉంటుంది. అంత కొద్ది సాగు మీద వేలి ఒత్తిడితో వచ్చే అదనపు సాగు పెద్ద భాగమైపోతుంది. నైలాన్ ముందే చాలా శాతం సాగి ఉంటుంది కాబట్టి అదే ఒత్తిడి దాన్ని పెద్దగా కదిలించదు. పిల్లలు భయంతో వేలు అదిమిపెడతారు, ఒక్కోసారి పక్కకు లాగేస్తారు. ఆ తప్పులను నైలాన్ క్షమిస్తుంది, స్టీల్ క్షమించదు.

గిటార్ పొట్టిదయ్యే కొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. తీగ పొడవు తగ్గితే అదే స్వరానికి తక్కువ బిగువు చాలు. బిగువు తక్కువున్న స్టీల్ తీగ కొంచెం నొక్కినా ఎక్కువ పైకి పోతుంది. అందుకే పొట్టి గిటార్‌కు సన్నని స్టీల్ తీగలు వేసి "పిల్లలకు మెత్తగా ఉంటాయి" అని అమ్మితే నమ్మకూడదు. అక్కడ సన్నవాటి కంటే ఒక సైజు మందమైన తీగలే శ్రుతిలో నిలబడతాయి. పదేళ్లలోపు పిల్లలకు నైలాన్ తీగల చిన్న గిటార్ తీసుకుంటే ఈ గొడవే ఉండదు. సినిమా పాటలకు స్టీల్ మోతే బాగుంటుందన్నది నిజమే. ఆ మోత పదకొండు, పన్నెండేళ్లప్పుడు వినొచ్చు.

సైజు విషయంలో మన మార్కెట్లో ఒక మాయ ఉంది. 38 అంగుళాల గిటార్‌ను పిల్లల సైజు అని చూపిస్తారు. ఆ 38 అంగుళాలు చివర నుంచి చివరకు మొత్తం పొడవు. పెద్దవాళ్ల డ్రెడ్‌నాట్ గిటార్ మొత్తం పొడవు సుమారు 41 అంగుళాలు. అంటే ఇది పిల్లలది కాదు, పెద్దవాళ్లదే కాస్త పొట్టి. ముప్పావు సైజుది 36 అంగుళాల దగ్గర, సగం సైజుది 34 దగ్గర ఉంటాయి. ఈ అంగుళాల లెక్కతో పనిలేకుండా అసలు కొలత తీసుకునే మార్గం ఉంది. టేపుతో నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చేస్తే తీగ మోగే పొడవు వస్తుంది. దాన్నే స్కేల్ అంటారు.

సి కార్డ్‌లో చూపుడు వేలు మొదటి ఫ్రెట్ దగ్గర, ఉంగరపు వేలు మూడో ఫ్రెట్ దగ్గర ఉంటాయి. ఆ రెండు ఫ్రెట్ల మధ్య దూరం 650 మిల్లీమీటర్ల స్కేల్ మీద 67 మిల్లీమీటర్లు, 580 మీద 60, 535 మీద 55. కాగితం మీద చూస్తే పెద్ద తేడా కాదనిపిస్తుంది. ఎనిమిదేళ్ల చెయ్యి ఈ ఏడు మిల్లీమీటర్ల కోసమే మణికట్టు మెలితిప్పుకుంటుంది. స్థూలంగా ఐదు నుంచి ఏడేళ్లకు 535 దగ్గరిది, ఎనిమిది నుంచి పదేళ్లకు 580 దగ్గరిది, ఆపైన పెద్దది. వయసు కంటే చెయ్యి చూసి నిర్ణయించడం మేలు. పాపను కూర్చోబెట్టి, గిటార్ ఒళ్లో పెట్టి, ఎడమ చేత్తో మొదటి ఫ్రెట్ పట్టుకోమనాలి. మోచెయ్యి దాదాపు తిన్నగా చాచాల్సి వస్తే ఆ గిటార్ పెద్దదైనట్టే. "ఎదుగుతుంది కదా" అని రెండు సైజులు పెద్ద గౌను కుట్టించే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇక బ్రాండ్లు. ఇక్కడ "బాగుంటుంది" అంటే ఒకే మోడల్‌లో పది గిటార్లు తీస్తే పదీ ఒకేలా ఉండటం. ఎనిమిది వేల గిటార్‌కు వేసే ట్యూనింగ్ కీలు మూడు వేలవాటికి వేసేవాటికంటే ఆకాశమంత గొప్పవేమీ కావు. నట్ గాడులు కొలత ప్రకారం కోయడం, నెక్ తిన్నగా ఉందో లేదో చూసి పంపడం, అక్కడే డబ్బు ఖర్చవుతుంది. ఆ లెక్కన యమహా మొదలుపెట్టేవాళ్ల గిటార్లకు ఉన్న పేరు నిజమైనదే. పిల్లల కోసం నైలాన్‌లో సీజీఎస్102ఏ 535 స్కేల్‌తో, సీజీఎస్103ఏ, సీఎస్40 రెండూ 580 స్కేల్‌తో వస్తాయి. సీ40 పెద్దది, 650. స్టీల్‌లో ఎఫ్280, ఎఫ్310 పెద్దవాళ్ల సైజు, ఎఫ్310 స్కేల్ 634. జేఆర్2 అనేది 540 స్కేల్‌తో చిన్న స్టీల్ గిటార్. ముద్దుగా ఉంటుంది గానీ, పైన చెప్పిన పొట్టి స్టీల్ ఇబ్బంది దానికీ వర్తిస్తుంది. పెద్ద సైజు స్టీల్ కావాలంటే కోర్ట్ ఏడీ810ని యమహా పక్కన ధైర్యంగా పెట్టొచ్చు. ఫెండర్ ఎఫ్ఏ-15 ముప్పావు సైజు స్టీల్. పేరు ఫెండర్ అయినంత మాత్రాన అమెరికాలో చేసిందని కాదు. ఆ ధరలో ఏ పెద్ద పేరుకైనా ఇదే వర్తిస్తుంది.

రెండున్నర వేల నుంచి ఐదు వేల మధ్య మన దేశపు బ్రాండ్ల వరస ఉంది: జువారెజ్, కేడెన్స్, వాల్ట్, కోల్‌కతా నుంచి వచ్చే గివ్‌సన్ లాంటివి. బ్యాగు, పిక్కులు, అదనపు తీగలు అన్నీ కలిపి ఇస్తారు కాబట్టి చవకగా కనిపిస్తాయి. (గివ్‌సన్‌ను గిబ్సన్ అనుకుని మురిసిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మధ్యలో ఒక్క అక్షరం తేడా, ధరలో రెండు సున్నాలు తేడా.) వీటన్నిటినీ కొట్టిపారేయడం అన్యాయం. ఈ ధరలో ఒక గిటార్ చక్కగా ఉంటుంది, దాని పక్కనున్నది నట్ ఎత్తుగా ఉంటుంది. పేరు చూసి చెప్పలేం, ఆ గిటార్‌ను చేతిలోకి తీసుకుని చెప్పాలి. అందుకే ఈ ధరలో ఆన్‌లైన్‌లో తెప్పించడం కంటే షాపులో నాలుగు తీయించి చూసుకోవడం మంచిది. ఇంకొకటి చూడాలి: స్టీల్ గిటార్ అయితే నెక్ లోపల ట్రస్ రాడ్ ఉండాలి. అది నెక్ వంపును సరిచేసే ఇనుప కడ్డీ. సౌండ్ హోల్ లోపలో, తల దగ్గరో దాని మర కనిపిస్తుంది. అది లేని చెక్క మీద డెబ్బై కేజీల బలం ఏడాది పొడుగునా లాగుతూ ఉంటే నెక్ వంగుతుంది, తీగలు పైకి లేస్తాయి, మళ్లీ మొదటికొస్తాం. నైలాన్ గిటార్లలో చాలావాటికి ఈ రాడ్ ఉండదు, అక్కడ అది లోపం కాదు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఎనిమిదేళ్ల పాప కోసం విజయవాడలో ఒక షాపుకు వెళ్లారు. షాపతను 38 అంగుళాల స్టీల్ గిటార్ మూడు వేలకు చూపించాడు. టేపు పెడితే నట్ నుంచి 12వ ఫ్రెట్‌కు 315 మిల్లీమీటర్లు వచ్చాయి, అంటే స్కేల్ 630. పాప చేతికి అప్పుడే పెద్దదైపోయింది. అయినా పక్కనే ఉన్న పన్నెండేళ్ల అన్నకు పనికొస్తుందేమో చూద్దామనుకున్నారు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచి, మందపాటి ఆరో తీగను సరిగ్గా శ్రుతి చేశారు, తెర మీద E, 0 సెంట్లు. మొదటి ఫ్రెట్ దగ్గర మామూలుగా నొక్కితే F, కానీ 18 సెంట్లు పైన. మూడో ఫ్రెట్ దగ్గర 12 పైన. పన్నెండో ఫ్రెట్ దగ్గర 14 పైన.

ఈ అంకెలను ఇలా చదవాలి. మొదటి ఫ్రెట్ దగ్గర తప్పు అన్నిటికంటే ఎక్కువగా ఉండి, మూడో ఫ్రెట్‌కు తగ్గిందంటే నట్ ఎత్తుగా ఉంది. పన్నెండు దగ్గర మళ్లీ పెరిగిందంటే శాడిల్ దగ్గర కూడా తీగలు ఎత్తుగా ఉన్నాయి. రూలర్‌తో కొలిస్తే పన్నెండో ఫ్రెట్ మీద తీగ కింద 3.6 మిల్లీమీటర్లు ఉంది. మొదలుపెట్టేవాళ్లకు ఆరో తీగ కింద 2.5 చాలు, ఒకటో తీగ కింద 2 చాలు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు దించాలంటే శాడిల్ అడుగున రెండు మిల్లీమీటర్లు రుద్దాలి, ఎందుకంటే పన్నెండో ఫ్రెట్ సరిగ్గా తీగ మధ్యలో ఉంది. ఇక్కడ కన్ను పెట్టాలి: బ్రిడ్జి పైన శాడిల్ ఎంత కనిపిస్తోంది? నాలుగు మిల్లీమీటర్లుంటే రెండు తీసినా ఇంకా రెండు మిగులుతుంది, రిపేరు తెలిసినవాడు అరగంటలో చేసిస్తాడు. మొత్తం కనిపించేదే రెండు మిల్లీమీటర్లయితే తీయడానికేం లేదు. అంటే నెక్ బిగించిన కోణమే తప్పు, ఆ గిటార్ ఉచితంగా ఇచ్చినా వద్దు.

అన్నకు ఆ మూడు వేల గిటార్ సెట్ చేయించి ఇవ్వమంటే షాపువాళ్లు కొన్ని వందలు అడుగుతారు. నట్ గాడులు సన్నని ఫైలుతో లోతు చేసి, శాడిల్ రుద్దాక, అదే మొదటి ఫ్రెట్ దగ్గర నాలుగైదు సెంట్లకు దిగితే ఆ పని సరిగ్గా జరిగినట్టు. "ఇదంతా అవసరం లేదండీ, వాయిస్తుంటే అదే సర్దుకుంటుంది" అంటే అక్కడినుంచి బయటికొచ్చేయొచ్చు. తీగలు వాడితే సర్దుకుంటాయి గానీ నట్ సర్దుకోదు. పాపకు మాత్రం 580 స్కేల్ నైలాన్ గిటార్ తీయించి, అదే పరీక్ష మళ్లీ చేశారు. మొదటి ఫ్రెట్ దగ్గర 5, పన్నెండు దగ్గర 4 సెంట్లు పైన. ఎనిమిదేళ్ల చేతికి అది చాలు.

ఇక మొదటి జబ్బు, పొద్దున చేసిన శ్రుతి సాయంత్రానికి పోవడం. దీనికి కీలను తిట్టడం అలవాటు, కానీ కీలు దోషులు అయ్యేది తక్కువసార్లే. కొత్త తీగలు సాగుతాయి. స్టీల్ తీగలు రెండు మూడు రోజుల్లో కుదురుకుంటాయి, నైలాన్ తీగలు వారం పైనే తీసుకుంటాయి. ఆ వారంలో రోజుకు నాలుగుసార్లు శ్రుతి చేయాల్సి వస్తే గిటార్ పాడైనట్టు కాదు. తీగను బిగించాక వేలితో మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ శ్రుతి చేసి, ఇలా నాలుగైదుసార్లు చేస్తే తొందరగా కుదురుతుంది. కీ కడ్డీ చుట్టూ తీగ రెండు మూడు చుట్లయినా ఉండాలి. ఒక చుట్టే ఉంటే జారుతుంది, ఎనిమిది చుట్లుంటే ఆ చుట్లన్నీ నెమ్మదిగా బిగుసుకుంటూ శ్రుతి దిగుతుంది.

కీ తిప్పుతుంటే స్వరం కదలక, హఠాత్తుగా "టింగ్" మని ఒక్కసారి ఎగిరిందంటే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోంది. పెన్సిల్ మొన గాడిలో రుద్దితే గ్రాఫైట్ అంటుకుని తీగ జారుతుంది. పైసా ఖర్చులేని ఈ వైద్యంతో సగం ఫిర్యాదులు తీరిపోతాయి. శ్రుతి చేసేటప్పుడు ఎప్పుడూ కింది నుంచి పైకి రావాలి. స్వరం దాటిపోతే ఇంకా కిందికి దించి మళ్లీ పైకి తేవాలి. పై నుంచి దించి ఆపితే కీ పళ్ల మధ్య ఉండే కొద్దిపాటి సందు వల్ల రెండు నిమిషాల్లో ఇంకొంచెం జారుతుంది. ఇది పిల్లలకు మొదటి రోజే నేర్పాల్సిన పని.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. ఏసీ గదిలో శ్రుతి చేసి హాల్లోకి తెచ్చి వాయిస్తే తీగ చెక్క కంటే ముందు వేడెక్కి వదులవుతుంది. సన్నని స్టీల్ ఒకటో తీగ మీద లెక్క వేస్తే పది డిగ్రీల తేడాకు సుమారు 15 సెంట్లు దిగుతుంది. ఇది గిటార్ దోషం కాదు, ఎక్కడ వాయిస్తారో అక్కడే పావుగంట ఉంచి శ్రుతి చేసుకోవాలి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేయడం మాత్రం నిజంగా ప్రమాదం. ఆ వేడికి బ్రిడ్జి కింది జిగురు మెత్తబడి బ్రిడ్జి వెనకవైపు లేస్తుంది. బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం మూల దూరిందంటే అది మొదలైనట్టే, వెంటనే తీగలు వదులు చేసి రిపేరుకు ఇవ్వాలి. విశాఖ, కాకినాడ లాంటి తడి గాలి ఊళ్లలో స్టీల్ తీగలు రెండు మూడు నెలలకే తుప్పు పట్టి గరుకుగా తయారవుతాయి. తుప్పు తీగ మందం అంతటా ఒకేలా ఉండదు కాబట్టి పన్నెండో ఫ్రెట్ దగ్గర తప్పు చూపిస్తుంది. షాపు గోడ మీద ఏడాదిగా వేలాడుతున్న గిటార్‌ను పరీక్షించేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోవాలి. ముందు తీగలు మార్పించి, తర్వాతే ట్యూనర్ తీయాలి.

ఇప్పటికే 38 అంగుళాల స్టీల్ గిటార్ కొనేసి, చిన్న పాప ఇంట్లో దానితో కుస్తీ పడుతున్నవాళ్లు ఉంటారు. దానికి నైలాన్ తీగలు వేసేద్దామని కొందరు అనుకుంటారు. పిన్నులున్న బ్రిడ్జిలో అవి సరిగ్గా నిలవవు, బిగువు తక్కువై శబ్దం కూడా చచ్చిపోతుంది. క్లాసికల్ గిటార్‌కు స్టీల్ తీగలు వేయడం అంతకంటే ప్రమాదం, బ్రిడ్జి ఊడొస్తుంది. ఆ గిటార్‌కు నట్, శాడిల్ సరిచేయించి, రెండు మెట్లు కిందికి శ్రుతి చేసి, తీగలన్నిటినీ కలిపి అదిమే కాపో అనే క్లిప్పును రెండో ఫ్రెట్ దగ్గర పెడితే స్వరాలు మామూలు చోటే ఉంటాయి, బిగువు తగ్గుతుంది, ఫ్రెట్ల మధ్య దూరం కూడా తగ్గుతుంది. 630 స్కేల్ గిటార్ అలా 561 స్కేల్ గిటార్‌లా మారుతుంది. కాపో స్ప్రింగు మరీ బలమైనదైతే తీగలను అదిమి మళ్లీ పైకి తోస్తుంది కాబట్టి, అది పెట్టాక ఇంకోసారి ట్యూనర్ చూసుకోవాలి.